తీర్పు చెప్పేదెవరు, దాన్ని రద్దు చేసేదెవరు: పరిపాలనా ట్రిబ్యునల్ అనుభవం

ప్రభుత్వోద్యోగి ఒకరు తన పదోన్నతి విషయంలో ప్రభుత్వం మీద వ్యాజ్యం వేసి గెలిచిన తర్వాత, ఓడిపోయిన ప్రభుత్వమే ఆ తీర్పును రద్దు చేయవచ్చునని రాజ్యాంగంలోనే రాసి ఉన్న కాలం ఒకటి ఆంధ్రప్రదేశ్‌లో ఉండేది. ఆ వాక్యం రాజ్యాంగంలోకి ఎలా వచ్చింది, ఎవరు కొట్టివేశారు, ఆ తర్వాత హైకోర్టు తలుపు మళ్ళీ ఎలా తెరుచుకుంది అన్న చరిత్ర, మామూలు న్యాయస్థానాలకు బదులుగా ఏర్పడే ట్రిబ్యునళ్ళ బలాన్నీ బలహీనతనూ తెలుసుకోవడానికి తెలుగు నేల మీద దొరికే అన్నింటికన్నా స్పష్టమైన ఉదాహరణ. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఉద్యోగులు ఆ చరిత్రలో మొదటినుంచీ ఉన్నారు.

ట్రిబ్యునల్ అంటే ఒక ప్రత్యేక తరగతి వివాదాలను మాత్రమే విచారించడానికి చట్టం ద్వారా ఏర్పడిన న్యాయాధికరణం. సివిల్ కోర్టుకు భూమి, అప్పు, వారసత్వం, ఒప్పందం అన్నీ వస్తాయి; ట్రిబ్యునల్‌కు పన్నులో, పర్యావరణమో, ఉద్యోగ వివాదాలో, ఏదో ఒక రంగమే వస్తుంది. అది సివిల్ ప్రక్రియా స్మృతిలోని ప్రతి నియమానికీ కట్టుబడనక్కర లేదు, ఉభయ పక్షాల మాట వినడం వంటి సహజ న్యాయ సూత్రాలను పాటిస్తే చాలు. దానిలో న్యాయమూర్తితో పాటు ఆ రంగంలో అనుభవమున్న పరిపాలనాధికారి కూడా సభ్యుడిగా కూర్చుంటాడు. వ్యాజ్యం త్వరగా, తక్కువ ఖర్చుతో, విషయం తెలిసినవారి ముందు తేలుతుందన్నది ఈ ఏర్పాటు వెనుక ఉన్న ఆశ. చిక్కంతా మరోచోట ఉంది. కోర్టు న్యాయమూర్తి నియామకం, పదవీకాలం, జీతం రాజ్యాంగం కల్పించిన రక్షణలో ఉంటాయి. ట్రిబ్యునల్ సభ్యుడి విషయంలో అవన్నీ చాలావరకు ప్రభుత్వం చేతిలో ఉంటాయి, అదే ప్రభుత్వం చాలా వ్యాజ్యాల్లో ప్రతివాది కూడా.

ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగుల ట్రిబ్యునల్ పుట్టడానికి మూలం ముల్కీ నిబంధనల గొడవ. తెలంగాణ ప్రాంతపు ఉద్యోగాలు స్థానికులకే దక్కాలన్న ఆ నిబంధనల మీద 1969లో తెలంగాణలోనూ, సుప్రీంకోర్టు వాటిని సమర్థించిన తర్వాత 1972లో ఆంధ్ర ప్రాంతంలోనూ పెద్ద ఉద్యమాలు చెలరేగాయి. వాటికి పరిష్కారంగా 1973 సెప్టెంబర్ 21న ఆరు సూత్రాల పథకం వెలువడింది. దానిలో నాలుగో సూత్రం ఉద్యోగ నియామకాలు, సీనియారిటీ, పదోన్నతుల ఫిర్యాదులకు ఉన్నతాధికారాలున్న ఒక పరిపాలనా ట్రిబ్యునల్ ఉండాలని చెప్పింది. ఆ ట్రిబ్యునల్ నిర్ణయాలకు రాష్ట్ర ప్రభుత్వం సాధారణంగా కట్టుబడి ఉండాలనీ, అటువంటి ట్రిబ్యునల్ ఉన్నప్పుడు ఉద్యోగులు న్యాయస్థానాలకు వెళ్ళడాన్ని పరిమితం చేయడం సమంజసమేననీ కూడా అదే సూత్రంలో ఉంది. ‘సాధారణంగా’ అన్న ఆ ఒక్క మాటను గమనించాలి, ఎందుకంటే సాధారణం కాని సందర్భం ఏదో తేల్చుకునే అవకాశాన్ని అది ప్రభుత్వానికే వదిలింది. రాజకీయ రాజీ పత్రంలో అటువంటి మెత్తని మాటలు ఉండడం సహజమే గానీ, అదే మాట తర్వాత రాజ్యాంగ నిబంధనగా మారినప్పుడు దాని పదును బయటపడింది.

అదే ఏడాది చేసిన 32వ రాజ్యాంగ సవరణ 371-డి అనే అధికరణాన్ని చేర్చింది. దాని కింద 1975లో రాష్ట్రపతి రెండు ఉత్తర్వులు జారీ చేశారు. ఒకటి ఉద్యోగాలను స్థానిక క్యాడర్లుగా విభజించింది, రెండోది పరిపాలనా ట్రిబ్యునల్‌ను ఏర్పాటు చేసింది. మొదటి ఉత్తర్వు ప్రకారం గుమాస్తా స్థాయి, అంతకు దిగువ పోస్టులు జిల్లా క్యాడర్‌లోకీ, అంతకు పైనున్న నాన్ గెజిటెడ్ పోస్టుల్లో చాలావరకు జోనల్ క్యాడర్‌లోకీ చేరాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు రెండూ హైదరాబాద్, రంగారెడ్డి, మెదక్, నిజామాబాద్‌లతో కలిసి ఆరో జోన్‌లో ఉండేవి. అంటే దేవరకొండలో పనిచేసే ఉద్యోగి జిల్లా క్యాడర్ నుంచి ఒక మెట్టు పైకి ఎక్కగానే అతని పేరు అచ్చంపేట, బోధన్, సంగారెడ్డి ఉద్యోగుల పేర్లతో కలిసి ఒకే సీనియారిటీ జాబితాలోకి వెళ్ళేది. ఒక జిల్లాలో ఖాళీలు ఎక్కువై ముందుగా పదోన్నతి దొరికినవారికీ, మరో జిల్లాలో ఖాళీల్లేక ఆగిపోయినవారికీ మధ్య, ఎవరు ముందు, ఏ తేదీ నుంచి సర్వీసు లెక్కించాలి అన్న తగాదాలు ఈ జాబితాల నుంచే పుట్టేవి. ట్రిబ్యునల్‌కు వచ్చిన పనిలో పెద్ద వంతు ఇటువంటిదే.

అటువంటి ఉద్యోగి ఒకరిని ఉదాహరణకు తీసుకుంటే ఆ రోజుల్లో దారి ఎలా ఉండేదో తెలుస్తుంది. జాబితాలో తన పేరు కిందికి పోయిందని అతను ముందుగా శాఖాధిపతికి అభ్యంతరం రాసుకుంటాడు. అక్కడ తిరస్కారం ఎదురైతే హైదరాబాద్ వెళ్ళి ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేస్తాడు. ట్రిబ్యునల్ ఉభయ పక్షాల రికార్డులు చూసి, జాబితా తప్పుగా తయారైందనీ, అతని పేరు ఫలానా స్థానంలో ఉండాలనీ తీర్పు చెబుతుంది. వ్యాజ్యం అక్కడితో ముగియాలి. అయితే 371-డి అధికరణంలోని ఐదో ఖండం ప్రకారం ఆ తీర్పు వెంటనే అమలులోకి రాదు. రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ధ్రువీకరించాలి, లేదా మూడు నెలలు గడవాలి. ఈ లోపల ప్రభుత్వం కారణాలు రాసి ఒక ప్రత్యేక ఉత్తర్వు ద్వారా తీర్పును మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. అలా రద్దు చేసిన ఉత్తర్వును శాసనసభ ముందు ఉంచాలన్నది ఒక్కటే అదుపు. కానీ ఒక గుమాస్తా సీనియారిటీ గురించి శాసనసభలో చర్చ జరిపించి న్యాయం పొందడం ఎవరికి సాధ్యం?

తీర్పు రద్దైతే హైకోర్టుకు వెళ్దామన్నా కుదరదు. అదే అధికరణంలోని ఏడో ఖండం ట్రిబ్యునల్ మీద హైకోర్టుకు ఎటువంటి పర్యవేక్షణాధికారమూ లేదని చెప్పింది, ట్రిబ్యునల్ పరిధిలోని విషయాల్లో సుప్రీంకోర్టు తప్ప మరే కోర్టూ జోక్యం చేసుకోరాదంది. నల్లగొండ నుంచి వంద కిలోమీటర్ల లోపున హైకోర్టు భవనం ఉన్నా ఆ ఉద్యోగికి మిగిలింది ఢిల్లీ ప్రయాణం ఒక్కటే. కేంద్ర ఉద్యోగుల కోసం కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ పని మొదలుపెట్టింది 1985 నవంబర్‌లో. దానికి తొమ్మిదేళ్ళకు పైగా ముందే, 1976 నుంచే, ఈ పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లో అమలైంది. దేశానికంతటికీ తర్వాత ఎదురైన ప్రశ్నలు ఇక్కడి ఉద్యోగులకు ముందుగానే ఎదురయ్యాయన్నమాట.

ఐదో ఖండం చెల్లుతుందా అన్న ప్రశ్న పి. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ముందుకు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి 1986 డిసెంబర్ 20న తీర్పు ప్రకటించారు. ఉద్యోగ వివాదాల్లో దాదాపు ప్రతిసారీ ప్రభుత్వం ఒక పక్షంగా ఉంటుంది. తన మీద వచ్చిన తీర్పును తానే తుడిచివేయగలిగితే, ప్రభుత్వం కూడా చట్టానికి లోబడి నడవాలన్న సూత్రానికి అర్థమే ఉండదు. చట్టబద్ధ పాలన రాజ్యాంగపు మౌలిక స్వరూపంలో భాగం కనుక దాన్ని దెబ్బతీసే నిబంధన రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చినా నిలవదు అన్నది ఆ తీర్పు సారాంశం. మౌలిక స్వరూపం అంటే పార్లమెంటు తన సవరణాధికారంతో కూడా చెరపలేని రాజ్యాంగ లక్షణాల సముదాయం, 1973 నాటి కేశవానంద భారతి తీర్పు స్థాపించిన సూత్రం. రద్దు చేసే అధికారం పోగానే, ధ్రువీకరణ కోసం మూడు నెలలు ఆగాలన్న భాగానికి కూడా అర్థం లేకుండా పోయింది కనుక ఐదో ఖండం మొత్తం కూలిపోయింది. ట్రిబ్యునల్ స్వతంత్రత గురించి ఎన్ని తీర్పులు వచ్చినా, ఇంత సూటిగా సమస్య మూలాన్ని తాకింది మరొకటి లేదనే చెప్పాలి. నియామకాల్లో పక్షపాతాన్ని నిరూపించడం కష్టం. ఇక్కడ ఓడిన కక్షిదారే పై న్యాయమూర్తిగా మారే ఏర్పాటు నిబంధనలోనే అక్షరాలా కనిపించింది.

అయితే సాంబమూర్తి తీర్పు హైకోర్టు తలుపును తెరవలేదు. దానికి పదకొండు రోజుల ముందే, సంపత్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు కేంద్ర ట్రిబ్యునళ్ళ చట్టాన్ని పరిశీలించి, హైకోర్టుకు సమానమైన సామర్థ్యమున్న ప్రత్యామ్నాయ సంస్థను ఏర్పాటు చేస్తే హైకోర్టు అధికారాన్ని తొలగించవచ్చునని చెప్పింది. ఆ సమానత్వం కాగితం మీద ఉంటే చాలదని కూడా ధర్మాసనం గుర్తించింది. ప్రభుత్వ కార్యదర్శి పదవిలో పనిచేసిన అధికారి నేరుగా ట్రిబ్యునల్ అధ్యక్షుడయ్యే వీలు చట్టంలో ఉండేది. కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. సభ్యుల ఎంపికలో భారత ప్రధాన న్యాయమూర్తికి నిజమైన పాత్ర ఉండాలని కోరింది. నిన్నటిదాకా ప్రభుత్వ జీవోల మీద సంతకాలు పెట్టిన వ్యక్తి ఈరోజు ఆ జీవోలు చెల్లుతాయో లేదో తేల్చే కుర్చీలో కూర్చుంటే, అతను ఎంత నిజాయితీపరుడైనా, అవతలి పక్షానికి నమ్మకం కుదరదు.

హైకోర్టు అధికారం గురించిన ప్రశ్నను మళ్ళీ లేవదీసింది కూడా హైదరాబాదే. 1993లో సకినాల హరినాథ్ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పూర్తి ధర్మాసనం, హైకోర్టుల రిట్ అధికారాన్ని తొలగించేందుకు పార్లమెంటుకు వీలిచ్చిన 323-ఎ అధికరణంలోని భాగం ఆ మేరకు చెల్లదని ప్రకటించింది. రిట్ అధికారం అంటే 226వ అధికరణం కింద, ప్రభుత్వం గానీ దాని అధికారులు గానీ చట్టం మీరినప్పుడు హైకోర్టు నేరుగా ఆదేశాలివ్వగల శక్తి. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1986లో చెప్పిన దానికి భిన్నంగా ఒక హైకోర్టు ఇలా చెప్పడం అరుదైన సాహసం. ఆ వివాదం చివరకు ఎల్. చంద్రకుమార్ కేసుగా ఏడుగురు న్యాయమూర్తుల ముందుకు వెళ్ళింది. ప్రధాన న్యాయమూర్తి ఎ.ఎం. అహ్మదీ నాయకత్వంలోని ఆ ధర్మాసనం 1997 మార్చి 18న ఇచ్చిన తీర్పు ట్రిబ్యునళ్ళకు నేటికీ చట్టపరమైన హద్దుగా నిలిచి ఉంది.

ఆ తీర్పు ట్రిబ్యునళ్ళను రద్దు చేయలేదు, వాటి స్థానాన్ని మార్చింది. శాసనాలనూ ప్రభుత్వ చర్యలనూ పరిశీలించి, రాజ్యాంగానికి విరుద్ధమైతే కొట్టివేసే అధికారాన్ని న్యాయసమీక్ష అంటారు; హైకోర్టులకూ సుప్రీంకోర్టుకూ ఉన్న ఆ అధికారం మౌలిక స్వరూపంలో భాగమనీ, దాన్ని ఎవరూ తీసివేయలేరనీ తేలింది. ట్రిబ్యునళ్ళు హైకోర్టులకు సహాయంగా పనిచేయవచ్చు గానీ వాటి స్థానాన్ని ఆక్రమించలేవు. అందువల్ల ఉద్యోగి ముందుగా ట్రిబ్యునల్‌కే వెళ్ళాలి, నేరుగా హైకోర్టుకు వెళ్ళకూడదు; ట్రిబ్యునల్ తీర్పు మీద మాత్రం ఇద్దరు న్యాయమూర్తుల డివిజన్ బెంచ్ ముందు హైకోర్టులో రిట్ వేసుకోవచ్చు. దేవరకొండ ఉద్యోగికి ఢిల్లీకన్నా ముందు హైదరాబాద్‌లోనే రెండో గడప దొరికింది. ఓడిన ప్రభుత్వానికీ అదే గడప దొరికింది. ఒకప్పుడు ప్రత్యేక ఉత్తర్వుతో తీర్పును తీసివేసిన పక్షం ఇప్పుడు హైకోర్టు ముందు తన వాదన చెప్పుకొని ఒప్పించాలి.

ట్రిబ్యునల్ ఎంతవరకు వెళ్ళగలదో కూడా అదే తీర్పు గీత గీసింది. ఒక సర్వీసు నిబంధనో చట్టమో రాజ్యాంగానికి విరుద్ధమని ట్రిబ్యునల్ చెప్పగలదు, కానీ అటువంటి ప్రశ్న వచ్చినప్పుడు ఒంటరి సభ్యుడు తేల్చకూడదు, కనీసం ఇద్దరు సభ్యుల ధర్మాసనం, వారిలో ఒకరు న్యాయసభ్యుడు అయి, విచారించాలి. తనను సృష్టించిన చట్టాన్ని మాత్రం ఏ ట్రిబ్యునలూ పరిశీలించజాలదు, ఎందుకంటే తాను నిలబడిన నేలనే అది తవ్వినట్టవుతుంది. కోర్టు సిబ్బంది వివాదాలు ట్రిబ్యునల్ చట్టం పరిధికి బయట ఉన్నాయి. తన ఆదేశాన్ని పాటించని అధికారిని ధిక్కారం కింద శిక్షించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందా అన్న ప్రశ్న కూడా ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్ళింది. చంద్రకుమార్ తీర్పు తర్వాత ఆ అధికారం మిగలలేదని హైకోర్టు భావించగా, 2000 డిసెంబర్‌లో టి. సుధాకర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు అది పదిలంగా ఉందని తేల్చింది. ఇది చిన్న విషయం కాదు. సీనియారిటీ సరిచేయమన్న తీర్పు శాఖలో ఫైలు కింద పడి ఉంటే, ఆ ఉద్యోగి పదవీ విరమణ చేసే వరకు ఎవరికీ తొందర ఉండదు. ధిక్కార దరఖాస్తు నోటీసు వచ్చిన తర్వాతే చాలా ఫైళ్ళు కదులుతాయి.

చంద్రకుమార్ తీర్పు ఉద్యోగికి మేలు చేసిందనడంలో సందేహం లేదు, కానీ ట్రిబ్యునల్ పుట్టుకకు కారణమైన వేగాన్ని అది తగ్గించిందనీ ఒప్పుకోవాలి. చివరి మాట ట్రిబ్యునల్‌ది కాకుండా పోయాక అది మధ్యలో ఒక మెట్టుగా మిగిలింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ ప్రభుత్వం తమకు ట్రిబ్యునల్ వద్దని కోరగా, 2016 సెప్టెంబర్‌లో కేంద్రం ఆంధ్రప్రదేశ్ పరిపాలనా ట్రిబ్యునల్ పరిధి నుంచి తెలంగాణను తొలగించింది. పెండింగ్‌లో ఉన్న దరఖాస్తులన్నీ హైకోర్టుకు బదిలీ అయ్యాయి. ఓ.ఏ. నంబరుతో మొదలైన కేసు కాగితాల మీద బదిలీ రిట్ పిటిషన్ అనే కొత్త నంబరు పడింది. నేటికీ తెలంగాణ హైకోర్టు తీర్పుల్లో ఆ నంబర్లు కనిపిస్తుంటాయి. ఒడిశాలో జరిగిన ఇటువంటి రద్దునే సవాలు చేసినప్పుడు, రాజ్యాంగం ట్రిబ్యునళ్ళ ఏర్పాటుకు వీలు కల్పించిందే తప్ప అవి ఉండి తీరాలని చెప్పలేదనీ, రద్దు చెల్లుతుందనీ సుప్రీంకోర్టు 2023 మార్చిలో చెప్పింది.

రద్దు వల్ల ఒక అంచె తగ్గిందని సాధారణంగా అంటారు గానీ, లెక్క చూస్తే అది నిజం కాదు. పూర్వం దరఖాస్తు ట్రిబ్యునల్ ముందు, ఆపై హైకోర్టు డివిజన్ బెంచ్ ముందు, చివరకు సుప్రీంకోర్టు ముందు నడిచేది. ఇప్పుడు రిట్ ముందుగా హైకోర్టు ఒంటరి న్యాయమూర్తి ముందు, దాని మీద అప్పీలు డివిజన్ బెంచ్ ముందు, ఆపై సుప్రీంకోర్టు ముందు నడుస్తుంది. మెట్ల సంఖ్య మారలేదు. మారింది మొదటి మెట్టు మీద కూర్చున్న వ్యక్తి స్వభావం. ఒంటరి న్యాయమూర్తి జీతం, పదవీకాలం ప్రభుత్వం మీద ఆధారపడవు, ఆయన కుర్చీని ఎవరూ రద్దు చేయలేరు. అందుకు బదులుగా సర్వీసు నిబంధనల మీదే రోజంతా గడిపే సభ్యుల నైపుణ్యం పోయింది, పైగా ఆ కేసులు హైకోర్టు మోస్తున్న మిగతా భారంతో కలిసిపోయాయి. 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చి నల్లగొండ యాదాద్రి జోన్‌లోకీ, మహబూబ్‌నగర్ జోగులాంబ జోన్‌లోకీ విడిపోయాయి. 2021 డిసెంబర్‌లో 317వ జీవో ప్రకారం ఉద్యోగులనూ ఉపాధ్యాయులనూ కొత్త జిల్లాలకు కేటాయించినప్పుడు వచ్చిన వ్యాజ్యాలు నేరుగా హైకోర్టు గడపే తొక్కాయి. భార్యాభర్తలు వేర్వేరు జిల్లాలకు పడటం, సీనియారిటీ తప్పుగా లెక్కించడం వంటి, రికార్డు దగ్గర పెట్టుకొని ఒక్కొక్కటిగా చూడవలసిన తగాదాలు ఒక్కసారిగా రావడం చూస్తే, నిజంగా స్వతంత్రమైన ట్రిబ్యునల్ ఒకటి ఉంటే దాని అవసరం ఎంతటిదో అర్థమవుతుంది.

అటువంటి స్వతంత్రతకు కేంద్రంలోనూ హామీ సులువుగా దొరకలేదు. సభ్యుల పదవీకాలాన్ని నాలుగేళ్ళకు కుదించి, యాభై ఏళ్ళు నిండనివారిని అనర్హులను చేసిన నిబంధనలను సుప్రీంకోర్టు 2021 జూలైలో కొట్టివేస్తే, వాటినే మళ్ళీ చట్టంగా కొద్ది వారాల్లోనే పార్లమెంటు ఆమోదించింది. 2025 నవంబర్‌లో కోర్టు వాటిని మరోసారి తోసిపుచ్చవలసి వచ్చింది. నాలుగేళ్ళకే పదవి పోయే సభ్యుడు తన తర్వాతి నియామకం కోసం ఎవరి వైపు చూస్తాడన్నదే ఇక్కడ అసలు ఆందోళన.

ఉద్యోగుల ట్రిబ్యునల్ పోయిన తెలంగాణలోనే నాలుగేళ్ళ తర్వాత రైతుల వ్యాజ్యాల కోసం ట్రిబ్యునళ్ళు పుట్టాయి. 2020 నాటి భూమి హక్కుల, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం తహసీల్దారు, ఆర్డీవో, జాయింట్ కలెక్టర్ల రెవెన్యూ కోర్టులను ఎత్తివేసి, వాటిలో మిగిలిన కేసుల కోసం జిల్లాకొక ప్రత్యేక ట్రిబ్యునల్‌ను ఒక్కసారికి ఏర్పాటు చేయమంది. ఆ ట్రిబ్యునల్‌లో కూర్చున్నది జిల్లా కలెక్టరు, అదనపు కలెక్టరు. నల్లగొండలోనో నారాయణపేటలోనో ఒక రైతు పేరు పహాణీలో తప్పు పడటానికి కారణమైన శాఖకు జిల్లాలో అధిపతి ఎవరో, ఆ తప్పు మీద తీర్పు చెప్పేదీ వారే. పేరుకు ట్రిబ్యునల్ అయినా, సంపత్ కుమార్ తీర్పు కోరిన న్యాయసభ్యుడు అక్కడ లేడు. పైగా తక్కువ గడువులో కేసులు ముగించాలన్న ఒత్తిడిలో కక్షిదారులను పిలవకుండానే, పాత రికార్డు చూసి ఉత్తర్వులు ఇచ్చారన్న ఫిర్యాదులు వచ్చాయి. ఎదురుపక్షం మాట వినకపోవడం తీర్పు చెల్లదనడానికి చాలు, ఎందుకంటే ట్రిబ్యునల్‌కు కోర్టు నియమాల నుంచి మినహాయింపు దొరికింది సహజ న్యాయాన్ని పాటిస్తుందన్న షరతు మీదనే. 2021లో ఈ విషయం ప్రజాప్రయోజన వ్యాజ్యంగా తెలంగాణ హైకోర్టు ముందుకు వచ్చినప్పుడు, పక్షాల మాట వినకుండా తేల్చిన కేసుల్లో వారికి అవకాశమిచ్చి మళ్ళీ విచారించాలని కోర్టు ఆదేశించింది. 371-డి ఏడో ఖండం వంటి అడ్డుగోడ ఈసారి లేదు. 226వ అధికరణం కింద వేసిన పిటిషన్‌నే హైకోర్టు విచారించగలిగింది. 2025లో ఆ చట్టం స్థానంలో వచ్చిన భూభారతి చట్టం తహసీల్దారు, ఆర్డీవోల ఉత్తర్వుల మీద అప్పీలు చేసుకునే దశలను తిరిగి తెచ్చింది.